జరగదు బండి, బాబాయ్!

(డప్పు మీద నాలుగు దెబ్బల నడక. ఒకరు పాడాలి, మిగతావాళ్లు వంత. బాబాయ్ మాటలకు వేరే మనిషి ఉండాలి, చేతిలో టీ గ్లాసు, జేబులో తాళాల గుత్తి. మూడో చరణం చివరిదాకా ఆ గుత్తి చప్పుడు కాకూడదు, అయితే పాట పోయినట్టే.)

పల్లవి
జరగదు జరగదు బాబాయ్, జానెడు జరగదు బండి
హారన్ కొడితే లేచిపోద్దా? ఆవు కాదిది, లారండీ!
వంత: పీఁ పీఁ… పాఁ పాఁ… (ఒక దెబ్బ ఆగి, సన్నగా) పీఁ!

చరణం 1
తొమ్మిదింటికి మియాపూర్‌లో దువ్విన క్రాఫు నిలిచింది
జేఎన్‌టీయూ చేరేసరికి చెమటకు అంతా చెరిగింది
కేపీహెచ్‌బీ దాటేసరికి గడ్డం కూడా మొలిచింది
మూసాపేట ఎప్పుడొస్తుందో, మనవడికైనా తెలిసేది!
నెత్తిన మెట్రో మూడెళ్లాయి, నేలన మూడడుగులు జరిగాం
ఇందాక చదివిన పిల్లరు నెంబరే ఇప్పుడు మళ్లీ చదివాం
బాబాయ్: "ఎవడో కారు అడ్డం పెట్టాడు. పట్టుకోండయ్యా వాణ్ణి!"
(పల్లవి)

చరణం 2
ఎర్రది నూట ఇరవై సెకన్లు, పచ్చది ముప్పయ్యే ఉంది
పదో బండికి గేరు పడేలోగా పసుపొచ్చి కూర్చుంది
గీత దాటి ముందుకు పోయి నిలబడ్డాయి బైకులు
లైటు వెనకే పడిపోయిందని తిప్పుతున్నారు మెడకాయలు
యూటర్న్ దూరం అరకిలోమీటరని ఒకడు రాంగ్ రూటున వచ్చాడు
తనకు మిగిలిన రెండు నిమిషాలు అరగంట చేసి పంచాడు!
ఫ్రీ లెఫ్ట్ అంటే ఫ్రీగా ఉందని తిన్నగా పోయేవాడు నిలిచాడు
ఎడమకు తిరిగే అంబాసిడర్ తాత అక్కడే కునుకు తీశాడు
బాబాయ్: "జనానికి బుద్ధి లేదయ్యా. ఇంకో టీ, చక్కెర తక్కువ!"
(పల్లవి, ఈసారి వేగంగా)

చరణం 3
బస్ బేలోన తెల్ల కారుంది, దాని ముందర ఆటోలు
బస్సుకు చోటే లేకపోయింది, నడిరోడ్డునే దిగారు జనాలు
బస్సు తోకేమో రెండో వరసలో, మూడో దాంట్లో ముక్కులు
మూడు వరసలు ఒకటైపోతే సీసా మూతిలో చీమలు!
కానిస్టేబుల్ మైకందుకున్నాడు: "తెల్ల కారెవరిది?" అన్నాడు
వంత: ఎవరిది? ఎవరిది?
కండక్టర్ అడిగె, ఆటో అన్న అడిగె, హెల్మెట్ తీసి ఒకడడిగె
వంత: ఎవరిది? ఎవరిది?
అందరికన్నా గొంతు పెంచి బాబాయ్ "ఎవరిదిరా!" అని అరిచె
"చివర మూడు తొమ్మిదులండీ!" మైకు మళ్లీ పలికింది
(డప్పు నెమ్మదించాలి)
బాబాయ్ నోట్లో టీ గుటక ఒకటి… దిగక… అక్కడే… నిలిచింది

(డప్పు పూర్తిగా ఆపాలి. నాలుగు లెక్కలు మౌనం. జేబులో తాళాలు ఒక్కసారి గల్లుమనాలి. అందరూ బాబాయ్ వైపు తిరగాలి. నవ్వు ఆగేదాకా ఆయన నోరు విప్పకూడదు. చివరి మాట పాడొద్దు, ఇంట్లో మాట్లాడినట్టు తాపీగా అనాలి.)

బాబాయ్: "అరవకండయ్యా… టీ తాగాక తీస్తా!"