ఇత్యమరః

రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ మోగింది. ఇంగ్లండులో అప్పటికి సాయంత్రం నాలుగు. మా అమ్మాయి కూతురు ఏడుస్తోంది.

"తాతయ్యా, నా మొదటి వ్యాసం కాపీ అంటున్నారు. నూటికి నలభై ఒక్క వంతు వేరేవాళ్ల మాటలేనట. విచారణకి రమ్మన్నారు."

2019 వేసవిలో మద్రాసు నీళ్లకి అల్లాడిన సంగతి మీద రాసింది. పూండి, చోళవరం, పుళల్, చెంబరంబాక్కం నాలుగూ అడుగంటిన కథ. మూడు పుస్తకాలు చదివింది, మూడింటి పేర్లూ చివర పద్ధతిగా వేసింది. దాచిందేమీ లేదు. కానీ లోపల ఏ వాక్యం ఎవరిదో చెప్పలేదు, కొటేషన్లు పెట్టలేదు.

నాకు నిద్ర పట్టలేదు. పెరంబూరులో ముప్ఫై రెండేళ్లు తెలుగు చెప్పాను. ఇంట్లో దాన్ని కూర్చోబెట్టి చదివించిందీ నేనే. "పెద్దలు రాసినదాంట్లో అక్షరం మార్చకు" అన్న నోరు ఇదే. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు దించితేనే నిండా మార్కులు పడేవి. పిల్ల అక్కడా అదే భక్తితో రాసింది. దాన్ని దొంగతనమంటే నా మనసు ఒప్పుకోలేదు.

తెల్లవారుజామున బీరువా తీసి మేఘసందేశం వ్యాఖ్యానం పట్టుకు కూర్చున్నాను. అది రాసిన మల్లినాథసూరి మన మెదక్ ప్రాంతం వాడు. అమరకోశం నుంచి మాట తెచ్చిన చోటల్లా "ఇత్యమరః" అంటాడు. అమరుడు ఇలా అన్నాడు అని, అక్కడికక్కడే. ఆధారం లేనిది ఒక్కటీ రాయనని ముందే మాటిచ్చిన మనిషి. నలభై ఏళ్లుగా ఆ పుటలు తిప్పుతున్నాను. పిల్లలకి శ్లోకాల అర్థం చెప్పాను గాని ఈ అలవాటు నేర్పలేదు.

ఫోన్ చేసి చదివి వినిపించాను. కాసేపు పలకలేదు. "అయితే లోపలే చెప్పాలన్నమాట" అంది.

విచారణలో మేడమ్ వ్యాసం ముందు పెట్టిందట, పుటపుటకీ పసుపు గీతలు. మూడో పుటలో ఒక పేరాకి మాత్రం ఒక్క గీతా లేదు. లారీ వస్తుందని చీకటితోనే మా వీధిలో బిందెలు వరసపెట్టడం, బిందె కదిపారని ఇరుగుపొరుగు తగవులు. "ఇది ఎక్కడ చదివావు?" అని అడిగిందట ఆవిడ.

"చదవలేదు. నేనూ ఆ వరసలో నిలబడ్డాను."

మొదటిసారి కాబట్టి రెండు వారాల్లో తిరగరాసి ఇమ్మన్నారు.

నిన్న మళ్లీ ఫోన్.

"తాతయ్యా, ఆ ఏడు మన బావి ఏ నెలలో ఎండింది?"

"మే ఆఖర్న. ఎందుకే?"

"నువ్వు చెప్పావని రాయాలి. వాక్యం పక్కనే నీ పేరు, మనం మాట్లాడుకున్న తేదీ వెయ్యాలి. నీ ఇంటిపేరు ఇంగ్లీషులో ఎలా రాస్తావు?"

కళ్లజోడు వెతుక్కుని, పెన్షన్ పుస్తకం తెచ్చి, ఒక్కో అక్షరం చదివాను. తేదీ చూడడానికి గోడమీది క్యాలెండర్ దగ్గరికి నడిచాను.