పడిపోతూనే ఉన్నవాళ్లు
(తొమ్మిదో తరగతి భౌతికశాస్త్రం, గురుత్వాకర్షణ పాఠానికి ముందుమాట. కావలసినవి: అడుగుకు కాస్త పైన మేకుతో చిల్లు పెట్టిన ప్లాస్టిక్ సీసా, నీళ్లు, తడిసినా ఫరవాలేదనుకునే నేల.)

పుస్తకాలు ఇప్పుడే తెరవొద్దు. ముందు ఒక ప్రశ్న. అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు గాల్లో తేలుతూ ఉండే వీడియోలు మీరందరూ చూసే ఉంటారు. పెన్ను వదిలేస్తే కింద పడదు, ఎక్కడ వదిలితే అక్కడే ఉంటుంది. జుట్టు పైకి లేచి ఉంటుంది. ఎందుకు?

(ఆగాలి. కనీసం నలుగురు చెప్పేదాకా ఏదీ తప్పు అనకూడదు.)

"అక్కడ గురుత్వాకర్షణ ఉండదు సార్." సరే, బోర్డు మీద రాస్తున్నాను. ఈ జవాబుతో ఏకీభవించేవాళ్లు చేతులెత్తండి. దాదాపు అందరూ ఎత్తారు. మంచిది, ఇక మన పని మొదలైనట్టే.

ఇంకో ప్రశ్న. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం భూమికి ఎంత ఎత్తులో తిరుగుతోంది? ఊహించి చెప్పండి. లక్ష కిలోమీటర్లా? పదివేలా? ఆ కేంద్రం ఉన్నది సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో. అంతే. ఇప్పుడు బోర్డు మీద భూమిని గీస్తున్నాను. దీని వ్యాసార్ధం 64 సెంటీమీటర్లు అనుకుందాం, అంటే ఒక సెంటీమీటరుకు 100 కిలోమీటర్లు. మరి అంతరిక్ష కేంద్రాన్ని ఎక్కడ పెట్టాలి? ఈ గీతకు 4 సెంటీమీటర్లు పైన. నా వేళ్లు రెండు పట్టేంత దూరం. ఇంత దగ్గర్లో భూమి పట్టు ఒక్కసారిగా వదిలేస్తుందా?

లెక్క చెబుతుంది. నేల మీద గురుత్వ త్వరణం 9.8 అని మీకు తెలుసు. 400 కిలోమీటర్ల ఎత్తులో అది దాదాపు 8.7. అంటే నూటికి తొంభై వంతుల దాకా అలాగే ఉంది. అంత ఎత్తున్న నిచ్చెన వేసి, చివరి మెట్టు మీద బరువు చూసే మిషన్ పెట్టి ఎక్కి నిలబడ్డారనుకోండి. ఇక్కడ 50 చూపించిన మిషన్ అక్కడ 44 చూపిస్తుంది. కొంచెం తగ్గారు గానీ తేలరు. నిచ్చెన మీంచి కాలు జారితే కిందికే పోతారు.

కాబట్టి బోర్డు మీద రాసిన జవాబు కొట్టేస్తున్నాను. దాంతో పజిల్ ఇంకా ముదిరింది. గురుత్వాకర్షణ అంత ఉండి కూడా వాళ్లు ఎందుకు తేలుతున్నారు?

(సీసాలో నీళ్లు నింపి, చిల్లును వేలితో మూసి చూపించాలి. మూత పెట్టకూడదు.)

చిల్లు మీంచి వేలు తీస్తే ఏమవుతుంది? అవును, నీళ్లు చిమ్ముతాయి. ఎందుకు చిమ్మాయి? పైనున్న నీరు కిందున్న నీటిని నొక్కుతోంది కాబట్టి. ఇప్పుడు అసలు ప్రశ్న. నీళ్లు చిమ్ముతుండగానే సీసాను వదిలేస్తాను. నేలను తాకేలోపు ధార ఎలా ఉంటుంది? ఎక్కువవుతుంది అనేవాళ్లు? మామూలుగానే ఉంటుంది అనేవాళ్లు? ఆగిపోతుంది అనేవాళ్లు? ఒక్కరేనా? సరే, ఎవరి జవాబు వాళ్లు నోట్‌బుక్‌లో రాయండి. తర్వాత మాట మార్చడానికి వీల్లేదు.

(వదలాలి. రెండోసారి కుర్చీ ఎక్కి, ఇంకొంచెం పైనుంచి.)

చూశారా? చిల్లు తెరిచే ఉంది, లోపల నీళ్లున్నాయి, అయినా ధార తెగిపోయింది. సీసా ఎంత వేగంగా పడుతోందో లోపలి నీళ్లూ అంతే వేగంగా పడుతున్నాయి. ఒకదాన్ని ఒకటి నొక్కే పనే లేదు. ఆ అర సెకను సేపు సీసాలోని నీటికి బరువు తెలియలేదు. గమనించండి, గురుత్వాకర్షణ పోలేదు. పోయి ఉంటే సీసా అసలు పడేదే కాదు.

ఇక్కడే చాలామంది తడబడేది. మీ బరువు మీకు తెలిసేది భూమి లాగడం వల్ల కాదు, ఆ లాగుడుకు నేలో కుర్చీయో అడ్డుపడి మిమ్మల్ని పైకి నెట్టడం వల్ల. ఇప్పుడు మీరు కూర్చున్న బెంచీ మిమ్మల్ని నెడుతోంది. అది మాయమైతే, కింది నేల కూడా మాయమైతే, మీకు బరువు తెలుస్తుందా?

ఇంకోటి అడుగుతాను, ఇది నాకు బాగా ఇష్టమైన ప్రశ్న. సీసాను కిందికి వదలకుండా పైకి విసిరితే? పైకి వెళ్తున్నప్పుడు ధార వస్తుందా, రాదా? తొందరపడొద్దు.

(విసరాలి. మొదటి బెంచీ తడుస్తుంది, ముందే చెప్పాలి.)

పైకి వెళ్తున్నప్పుడు కూడా రాలేదు! చెయ్యి వదిలిన క్షణం నుంచి సీసా మీద పనిచేసేది గురుత్వాకర్షణ ఒక్కటే, గాలి నిరోధం ఏదో కొంచెం. భౌతికశాస్త్రంలో దీన్ని కూడా 'స్వేచ్ఛా పతనం' అనే అంటాం. పైకి వెళ్లినా, పక్కకు వెళ్లినా అదే మాట. ఈ పక్కకు వెళ్లడమే మనకిప్పుడు కావాలి.

న్యూటన్ ఒక ఊహ చేశాడు. చాలా ఎత్తైన కొండ మీద ఫిరంగి పెట్టి గుండును అడ్డంగా పేల్చాలి. గాలి లేదనుకోండి. మెల్లగా పేలిస్తే దగ్గర్లో పడుతుంది, ఇంకా వేగంగా పేలిస్తే ఇంకా దూరంలో. ఎంత వేగంగా పోయినా మొదటి సెకనులో గుండు కిందికి జారేది ఎంత? 4.9 మీటర్లు, 5 అనుకుందాం. అడ్డంగా పోతోంది కదా అని పడటం తగ్గదు.

అయితే భూమి బల్లపరుపుగా లేదు. నేలకు తాకే గీత గీసి, దాని వెంట 8 కిలోమీటర్లు పోతే, అక్కడ నేల ఆ గీత కంటే ఎంత కిందికి వంగి ఉంటుందో తెలుసా? సుమారు 5 మీటర్లు.

ఇప్పుడు రెండు ఐదులనూ పక్కపక్కన పెట్టండి. గుండు సెకనుకు 8 కిలోమీటర్ల వేగంతో పోతే ఏమవుతుంది? పక్కవాళ్లతో మాట్లాడుకోండి, ఒక నిమిషం.

(తిరుగుతూ వినాలి. "పడదు" అని ఎవరైనా అంటే పట్టుకోవాలి.)

"పడదు" అన్నారెవరో. పడుతుందమ్మా, పడుతూనే ఉంటుంది. అది 5 మీటర్లు పడితే నేల కూడా 5 మీటర్లు కిందికి తప్పుకుంటోంది. మళ్లీ పడుతుంది, మళ్లీ తప్పుకుంటుంది. దీన్నే కక్ష్య అంటున్నాం. అంతరిక్ష కేంద్రం వేగం కాస్త తక్కువ, సెకనుకు 7.7 కిలోమీటర్లకు దగ్గర. సుమారు గంటన్నరకు ఒకసారి భూమిని చుట్టేస్తుంది. అందులోని మనిషి, పెన్ను, జుట్టు, గోడలు అన్నీ కలిసి పడుతున్నాయి, అచ్చం మన సీసా, దానిలోని నీళ్ల లాగే. అక్కడ కూడా అతి పలుచగా గాలి ఉంటుంది. అది వేగాన్ని తినేస్తూ కేంద్రాన్ని కిందికి దించుతుంటే, అప్పుడప్పుడు ఇంజన్ పేల్చి మళ్లీ పైకి లేపుతారు. దాని సంగతి తర్వాత.

ఇప్పుడు నోట్‌బుక్‌లు తీయండి. చంద్రుడు కూడా పడుతున్నాడా? భూమి కేంద్రం నుంచి చంద్రుడి దూరం, భూమి వ్యాసార్ధానికి సుమారు 60 రెట్లు. దూరం రెట్టింపైతే ఆకర్షణ నాలుగో వంతు అవుతుంది, మూడు రెట్లయితే తొమ్మిదో వంతు. మరి 60 రెట్లయితే? ఇక్కడ మొదటి సెకనులో 4.9 మీటర్లు పడే వస్తువు, అక్కడ ఒక సెకనులో ఎన్ని మిల్లీమీటర్లు పడాలి? కాలిక్యులేటర్ వద్దు. జవాబు వచ్చినవాళ్లు పైకి అనకుండా చెయ్యెత్తండి.