నీళ్ళ టైమింగుల మార్పు, ఆదివారం మీటింగు: మొన్నటి నోటీసు బదులు ఇది చదవండి

16 ఏప్రిల్ 2026, గురువారం
విజయనగరం

కాలనీలో ఉన్న 118 ఇళ్ళ వారికి, సొంత ఇంటి వారికీ అద్దెకున్న వారికీ, అందరికీ నమస్కారం.

మంగళవారం సాయంత్రం పంప్ రూమ్ గోడకి, రామమందిరం గేటుకి మన సంఘం తరఫున ఒక నోటీసు అతికించాం. "సోమవారం నుండి నీటి సరఫరా కుదించబడును, మోటార్లు పెట్టినవారి కనెక్షన్ తొలగించబడును, బాకీదారులకు నీరు ఇవ్వబడదు, మీటింగుకు రానివారికి ప్రశ్నించు హక్కు లేదు" అని నాలుగే ముక్కలు రాశాం. ఎందుకు తగ్గిస్తున్నామో, ఏ వీధికి ఎప్పుడు నీళ్ళొస్తాయో అందులో ఎక్కడా లేదు. అది చదివి చాలామంది బాధపడ్డారు, కొందరికి రాత్రంతా టెన్షన్. బాధపడటం న్యాయమే, ఇరుగుపొరుగు వాళ్ళకి రాసే పద్ధతి అది కాదు. సంఘం తరఫున క్షమాపణ చెప్తున్నాం. ఆ నోటీసు తీసేశాం, దాని బదులు ఇదే లెక్క.

ముందుగా అందరికీ కావలసింది, టైమింగులు. 20వ తేదీ సోమవారం నుంచి మన ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్ళు ఇలా వస్తాయి:

1 నుంచి 4 వీధులు: పొద్దున్న 5:30 నుంచి 6:30 వరకు, సాయంత్రం 5:30 నుంచి 6:00 వరకు.

5 నుంచి 8 వీధులు: పొద్దున్న 6:30 నుంచి 7:30 వరకు, సాయంత్రం 5:00 నుంచి 5:30 వరకు.

ఇది మన బోరు నీళ్ళకి మాత్రమే. మున్సిపాలిటీ మంచినీళ్ళ కొళాయి ఎప్పటిలాగే వస్తుంది, దానికీ దీనికీ సంబంధం లేదు. మంగళవారం నోటీసు చూసి తాగే నీళ్ళు కూడా ఆగిపోతాయేమో అని ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు కంగారుపడి బిందెలన్నీ నింపి పెట్టుకున్నారట. అలాంటిదేమీ లేదమ్మా, నిశ్చింతగా ఉండండి.

18వ తేదీ శనివారం మాత్రం పొద్దున్న 9 నుంచి సాయంత్రం 4 వరకు ట్యాంకు కడిగించి బ్లీచింగ్ చేయిస్తున్నాం, ఆ ఏడు గంటలూ ట్యాంకు నీళ్ళు రావు. శుక్రవారం రాత్రికే రెండు బకెట్లు ఎక్కువ పట్టి ఉంచుకోండి. ఆ సాయంత్రం మొదట వచ్చే నీళ్ళు కాస్త మడ్డిగా, బ్లీచింగ్ వాసనతో ఉండొచ్చు. ఓ రెండు నిమిషాల నీళ్ళు వేరే బకెట్లో పట్టి బాత్రూమ్ కడగడానికి వాడుకోండి, తర్వాత వచ్చేవి మామూలుగా ఉంటాయి.

ఇక ఎందుకు మార్చాల్సి వచ్చిందో. మనకి రెండు బోర్లు ఉన్నాయి. ట్యాంకు 60,000 లీటర్లది, మొన్నటిదాకా రోజుకి రెండుసార్లు నిండేది. రామమందిరం పక్కనున్న పెద్ద బోరు ఇప్పటికీ బాగానే పోస్తోంది, దానితో ఒకసారి నిండుతుంది. పార్కు మూలనున్న చిన్న బోరే మార్చి నెలాఖరు నుంచి తగ్గిపోయింది. మోటారు వేసిన ఇరవై నిమిషాలకే నీళ్ళ బదులు గాలి లాగుతోంది, ఆపేసి గంట ఆగి మళ్ళీ వేయాల్సి వస్తోంది, ఎంత తంటాలు పడినా దాన్నుంచి రోజుకి 12,000 లీటర్లు దాటడం లేదు. మొత్తం 72,000 లీటర్లు. 118 ఇళ్ళకి సమానంగా పంచితే ఇంటికి 600 లీటర్ల పైన పడుతుంది. పట్టణాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లు అని నీటి సరఫరా డిజైన్లకి ఒక లెక్క ఉంది, ఆ లెక్కన నలుగురున్న ఇంటికి 540 కావాలి. అంటే అందరికీ సమానంగా అందితే సరిపోతుంది. ఇన్నాళ్ళూ అన్ని వీధులకీ ఒకేసారి వదలడం వల్ల ఎత్తు మీదున్న వీధుల చివరి ఇళ్ళకి అందడం లేదు, వంతులు పెట్టింది అందుకే.

ఇందులో మోటార్ల సంగతి కూడా ఉంది. అది కోపంగా కాకుండా వివరంగా చెప్పాలనుకుంటున్నాం. బుధవారం పొద్దున్న కమిటీ వాళ్ళం ముగ్గురం 8వ వీధి చివరింటి దగ్గర నిలబడ్డాం. అక్కడ ఒక పెద్దావిడ గేటు పక్కన గుంట తవ్వించి కొళాయిని కిందికి దించుకున్నారు, ఆ గుంటలోకి వంగి చెంబుతో పట్టి బకెట్లో పోసుకుంటున్నారు. మేం చూస్తుండగా ఆ ఒక్క బకెట్ నిండటానికి 11 నిమిషాలు పట్టింది. అదే లైన్లో మూడు ఇళ్ళ వాళ్ళని అడిగితే పాపం వెంటనే మోటార్లు ఆపారు, రెండో బకెట్ 4 నిమిషాల్లో నిండింది. ఆ ముగ్గురికీ తమ మోటారు వల్ల చివరింటికి ఇంత ఇబ్బంది అవుతోందని తెలియదు. నీళ్ళు సన్నగా వస్తున్నాయని ఒకరు పెట్టుకుంటే అందుకు ఇంకా సన్నబడి పక్కవారూ పెట్టుకోవాల్సి వచ్చింది, అంతే తప్ప ఇందులో ఎవరినీ దొంగల్లా చూడాల్సిన పని లేదు.

ఇంకో ముఖ్యమైన మాట. పైపుకి నేరుగా మోటారు తగిలిస్తే, లైన్లో నీళ్ళు తగ్గినప్పుడు అది జాయింట్ల సందుల్లోంచి బయటి మురికిని కూడా లోపలికి పీలుస్తుంది. మన పైపులు చాలాచోట్ల కాలువ పక్కనుంచే పోతున్నాయి. ఆ నీళ్ళు మోటారున్న ఇంటికే కాదు, లైన్లో అందరికీ వస్తాయి, పిల్లలకి వాంతులు, విరేచనాలు, కామెర్లు వచ్చేది ఇలాంటి నీళ్ళతోనే. కాబట్టి పైపుకి నేరుగా పెట్టిన మోటార్లు దయచేసి ఈ నెల 30 లోపు తీసేయండి. సంపులోంచి మేడ మీదికి ఎక్కించుకునే మోటారు ఉంచుకోవచ్చు, దాని వల్ల ఎవరికీ నష్టం లేదు. సంపు లేనివారు ఒక డ్రమ్ములో పట్టుకుని అందులోంచి ఎక్కించుకోవచ్చు. లైను మార్చడానికి సంఘం ప్లంబర్ని పంపిస్తాం, కూలి సంఘమే ఇస్తుంది, సామాను ఖర్చు మాత్రం మీది. ఎవరి కనెక్షనూ తీసేయం.

మెయింటెనెన్స్ బాకీకీ నీళ్ళకీ ముడిపెట్టడం కూడా మా తప్పే, ఆ మాట వెనక్కి తీసుకున్నాం. బాకీ ఉన్నా లేకున్నా నీళ్ళు అందరికీ వస్తాయి. ఇబ్బందుల్లో ఉన్నవారు కోశాధికారితో విడిగా మాట్లాడి రెండు మూడు విడతల్లో కట్టొచ్చు, ఎవరి పేరూ బోర్డు మీద రాయం.

5 నుంచి 8 వీధుల్లో పొద్దున్నే రైలుకో బస్సుకో వైజాగ్ వెళ్ళేవాళ్ళు ఉన్నారని మాకు తెలుసు, 6:30 వాళ్ళకి ఆలస్యమే. ప్రస్తుతానికి సాయంత్రం వంతులో పట్టి ఉంచుకోమని కోరుతున్నాం. మే 1 నుంచి వంతులు తారుమారు చేస్తాం, 5 నుంచి 8 వీధులకి ముందు, 1 నుంచి 4 వీధులకి తర్వాత. ఆ తర్వాత కూడా నెలకోసారి మారుస్తాం. ఎప్పుడూ ఒకరికే కష్టం ఉండకూడదు.

కరెంటు పోయి ట్యాంకు నిండకపోతే ఎంతసేపు ఆలస్యమైతే అంతసేపూ వంతు వెనక్కి జరుగుతుంది, నిమిషం కూడా తగ్గించం. ఆ విషయం కాలనీ వాట్సాప్ గ్రూపులో పెడతాం, ఫోన్ చూడని వారి కోసం వాల్వ్ తిప్పే ముందు వీధి మొదట్లో విజిల్ వేయిస్తాం. వాల్వ్ తిప్పే అబ్బాయి మేం చెప్పిన టైముకి తిప్పుతాడంతే, నిర్ణయం అతనిది కాదు. మొన్న అతన్ని ఇద్దరు రోడ్డు మీద తిట్టారు, దయచేసి అలా చేయొద్దు. కోపమొస్తే మమ్మల్ని అడగండి.

ఇది పెళ్ళిళ్ళ కాలం. ఇంట్లో శుభకార్యం ఉంటే రెండు రోజుల ముందు చెప్పండి, ఆ రోజు ట్యాంకరు ఏర్పాటుకి సాయం చేస్తాం. ఎవరింట్లోనైనా చావు కబురు వస్తే వంతు, టైము ఏమీ లేదు, ఏ రాత్రయినా ఫోన్ చేయండి, ఆ వీధికి వాల్వ్ తిప్పిస్తాం. బాలింతలు, మంచం మీదున్న పెద్దవాళ్ళు ఉన్న ఇళ్ళ వారు కూడా మొహమాటపడకుండా చెప్పండి. నంబర్లు పంప్ రూమ్ తలుపు మీద రాసి ఉన్నాయి.

మేడ మీద ట్యాంకు నిండి పొర్లిపోకుండా ఫ్లోట్ వాల్వ్ ఒకసారి చూసుకోండి. 3వ వీధిలో ఒకచోట దాదాపు అరగంట గోడ మీద నుంచి కారడం మేమే చూశాం. కార్లు, బళ్ళు పైపు పెట్టి కాకుండా బకెట్ నీళ్ళతో కడుక్కోండి. కళ్ళాపికీ మొక్కలకీ బియ్యం కడిగిన నీళ్ళు, బట్టలు జాడించిన చివరి నీళ్ళు వాడుకోవచ్చు, మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఎప్పుడూ చేసే పనే.

ఇక మీటింగు. 19వ తేదీ ఆదివారం సాయంత్రం 6 గంటలకి, నీళ్ళు పట్టుకోవడం అయ్యాక, రామమందిరం ముందు ఖాళీ స్థలంలో. కుర్చీలు వేయిస్తాం, గంటన్నరలో ముగిస్తాం. ముఖ్యంగా తేల్చుకోవాల్సింది చిన్న బోరు సంగతి. దాని లోతు 210 అడుగులు, మోటారు 160 దగ్గర ఉంది. కంప్రెసర్ పెట్టి ఫ్లషింగ్ చేయిస్తే 18,000 రూపాయలు అడిగారు. మోటారు ఇంకో 40 అడుగులు కిందికి దించడానికి పైపులు, కేబులు, కూలి కలిపి 14,500 అన్నారు. సంఘం ఖాతాలో ఈరోజుకి 84,300 ఉంది కాబట్టి ఈ రెండింటికీ ఎవరి దగ్గరా అదనంగా వసూలు చేయక్కర్లేదు. కొత్త బోరు వేద్దామని కొందరంటున్నారు. దానికి వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలి, ఖర్చూ ఎక్కువే. ముందు ఉన్నదాన్ని బాగుచేసి చూద్దామని కమిటీ అభిప్రాయం, కానీ అది అభిప్రాయం మాత్రమే, నిర్ణయం మీటింగులో మీరందరూ కలిసి చేయాల్సిందే. పాత రసీదులు, ఖాతా పుస్తకం టేబుల్ మీద ఉంచుతాం, ఎవరైనా చూడొచ్చు.

అద్దెకున్నవారు కూడా తప్పకుండా రండి, నీళ్ళు వాడేది మీరు కదా. ఇంట్లో బిందెల లెక్క తెలిసింది ఆడవాళ్ళకే కాబట్టి మగవాళ్ళని పంపించి ఊరుకోకుండా వాళ్ళూ వస్తే బాగుంటుంది. రాలేనివారు కాగితం మీద రాసి పంప్ రూమ్ దగ్గరున్న డబ్బాలో వేయండి, లేదా పక్కింటి వారితో చెప్పి పంపండి, మీటింగులో చదువుతాం. ఏం తేల్చుకున్నామో సోమవారం మధ్యాహ్నానికల్లా ఇదే గోడకి అతికిస్తాం, దాని మీద ఎప్పుడైనా ఎవరైనా అడగొచ్చు.

ఇంట్లో చదవడం రాని పెద్దవాళ్ళు ఉంటే ఈ టైమింగులు ఒకసారి చదివి వినిపించండి.

ఇట్లు,
కార్యదర్శి, కమిటీ సభ్యులు
కాలనీ సంక్షేమ సంఘం