వార్ఫరిన్ డోసు, ఐఎన్‌ఆర్ పట్టిక: జూన్ నుంచి డిసెంబర్ 2024

రోగి: 46 ఏళ్ల మహిళ. మెకానికల్ మైట్రల్ వాల్వ్, 2023లో అమర్చారు.
లక్ష్యం: ఐఎన్‌ఆర్ 3.0, 2.5 నుంచి 3.5 మధ్య ఉంటే సరే.
మందు: వార్ఫరిన్, రోజూ రాత్రి 7 గంటలకు.
ఆధారం: రోగి నోట్‌బుక్, దాంట్లో అంటించిన ల్యాబ్ రిపోర్టులు, మందుల షాపు బిల్లులు.

పట్టిక చదివే తీరు: తేదీ అంటే రక్తం ఇచ్చిన రోజు. "ముందు 7 రోజుల డోసు" అంటే ఆ రీడింగ్‌కు ముందు నిజంగా మింగినది. "ఆ రాత్రి నుంచి" అంటే రిపోర్టు చూశాక డాక్టర్ గారు చెప్పినది. నోట్‌బుక్‌లో ఈ రెండూ ఒకే వరసలో ఉన్నాయి. అలాగే ఎక్కిస్తే 03-06 నాటి 2.1 పక్కన 30 మి.గ్రా. పడి, పెంచిన డోసు మీద కూడా ఐఎన్‌ఆర్ తక్కువే ఉందనిపిస్తుంది. నిజానికి అది 28 మి.గ్రా. మీద వచ్చిన రీడింగ్.

| తేదీ | ముందు 7 రోజుల డోసు (మి.గ్రా.) | ఐఎన్‌ఆర్ | స్థితి | ఆ రాత్రి నుంచి |
|---|---|---|---|---|
| 03-06 | 28 | 2.1 | తక్కువ | వారానికి 30 |
| 17-06 | 30 | 2.7 | సరే | మార్పు లేదు |
| 15-07 | 30 | 2.9 | సరే | మార్పు లేదు |
| 12-08 | 30 | 2.8 | సరే | మార్పు లేదు |
| 26-08 | 30 | 5.2 | ఎక్కువ | ఆ రాత్రి మానేసి, 27 నుంచి మళ్లీ 30 |
| 29-08 | 25 | 3.6 | కాస్త ఎక్కువ | 30 కొనసాగింపు |
| 05-09 | 30 | 2.6 | సరే | మార్పు లేదు |
| 03-10 | 22 | 1.8 | తక్కువ | ఆ రాత్రి 6, తర్వాత 30 |
| 10-10 | 32 | 2.5 | సరే, అంచున | 30 |
| 07-11 | 30 | 2.7 | సరే | మార్పు లేదు |
| 05-12 | 30 | 2.3 | తక్కువ | వారానికి 32 |
| 19-12 | 32 | 3.1 | సరే | మార్పు లేదు |

వారానికి 28: రోజూ 4. వారానికి 30: సోమ, శుక్రవారాలు 5, మిగతా రోజులు 4. వారానికి 32: సోమ, బుధ, శుక్ర, ఆదివారాలు 5, మిగతా మూడు రోజులు 4.

మొత్తం 12 రీడింగుల్లో 7 లక్ష్యంలో, 3 కింద, 2 పైన. ఇది రీడింగుల లెక్కే, రోజుల లెక్క కాదు. తేడా వచ్చినప్పుడే పరీక్షలు దగ్గరదగ్గరగా చేయించారు కాబట్టి దీన్ని శాతంగా మార్చి చూడొద్దు.

వరసల వారీగా

26-08: విరేచనాలకు మెట్రోనిడజోల్ 400 మి.గ్రా., రోజుకు మూడుసార్లు, 20 నుంచి 24 వరకు వాడారు. ఈ మందు శరీరంలో వార్ఫరిన్ విచ్ఛిన్నం కావడాన్ని అడ్డుకుంటుంది, అందుకే అదే డోసు మీద ఐఎన్‌ఆర్ ఎగబాకింది. తిండి తగ్గడం కూడా తోడై ఉండొచ్చు. రక్తస్రావం లేదని నోట్‌బుక్‌లో ఉంది. కోర్సు అప్పటికే అయిపోయింది కాబట్టి వారపు డోసు తగ్గించలేదు.

03-10: మాత్రలు అయిపోయి 28, 29 సెప్టెంబర్ రాత్రులు వేసుకోలేదు. 30 నుంచి మామూలుగా వేసుకున్నా, వార్ఫరిన్ ప్రభావం తిరిగి రావడానికి రోజులు పడుతుంది కాబట్టి రీడింగ్ తక్కువగానే వచ్చింది. హెపారిన్ ఇచ్చారో లేదో నోట్‌బుక్‌లో లేదు.

07-11: నోట్‌బుక్‌లో "31.2" అని ఉంది. అది ఐఎన్‌ఆర్ కాదు, పీటీ సెకన్లు. రిపోర్టులో కంట్రోల్ 13.0, ఐఎస్ఐ 1.13. 31.2ను 13.0తో భాగిస్తే 2.4, దాన్ని 1.13 ఘాతానికి పెంచితే 2.7. రిపోర్టులో అచ్చయిన ఐఎన్‌ఆర్ కూడా ఇదే.

05-12: నవంబర్ 20 నుంచి రోజూ మునగాకు కూర, పొడి తిన్నారు. దాంట్లోని విటమిన్ కె వార్ఫరిన్‌కు ఎదురు పనిచేస్తుంది. ఇప్పుడు మునగాకు ఒక్కసారిగా మానేస్తే 32 మి.గ్రా. డోసు ఎక్కువైపోతుంది. ఎంత తింటున్నారో అంతే కొనసాగించమని ఇంట్లోవాళ్లకు చెప్పాం.

సరిచేసినవి, వదిలేసినవి

నవంబర్ 18 దగ్గర "4 మాత్రలు" అని ఉంది. అంతకుముందు పేజీల్లో మాత్ర అంటే 2 మి.గ్రా., ఆ లెక్కన 8 అవుతుంది. కానీ ఆ రోజు బిల్లులో 1 మి.గ్రా. మాత్రలు ఉన్నాయి. అందుకని 4 మి.గ్రా.గానే తీసుకున్నాం. ఇక మీదట మాత్రల సంఖ్య కాకుండా మిల్లీగ్రాములే రాయమన్నాం.

05-09, 06-09 తేదీల్లో 2.6 రెండుసార్లు ఉంది. రక్తం ఇచ్చింది ఐదున, రిపోర్టు తెచ్చుకుంది ఆరున. ఒక్కటిగా లెక్కించాం.

జూలై 15కూ ఆగస్టు 12కూ మధ్య పేజీలో తేదీ లేకుండా "3.4" ఉంది. రిపోర్టు దొరకలేదు. పట్టికలో చేర్చలేదు.

డాక్టర్ గారు చూడాల్సినవి

వారపు డోసు 32 మి.గ్రా.కు పెంచాక ఉన్నది ఒక్క రీడింగే, అదీ మునగాకు తింటుండగా వచ్చినది. తర్వాతి పరీక్ష 16-01-2025 అని చీటీలో ఉంది. దాన్ని ఇంకా ముందే చేయించాలా? అక్టోబర్ 3న హెపారిన్ విషయం మీ రికార్డులో ఉంటే ఆ వరసలో చేరుస్తాం.