మ్యాచ్‌లు ఎన్ని, షేక్‌హ్యాండ్‌లు ఎన్ని: సాధన ప్రశ్నలు, వివరణలతో

పోయిన ఆదివారం పరీక్షలో 10 జట్లు ఒకదానితో ఒకటి ఒక్కోసారి ఆడితే లీగ్ మ్యాచ్‌లు ఎన్ని అన్న ప్రశ్నకు సగానికి పైగా పేపర్లలో 90 అని జవాబు వచ్చింది. సరైన జవాబు 45. సూత్రం అందరికీ కంఠతా వచ్చు, కానీ అది దేన్ని లెక్కపెడుతోందో ఆలోచించలేదు. అందుకే ఈ కాగితం తయారుచేశాను. వివరణను చేత్తో మూసేసి, ముందు మీరే చేయండి. రాకపోతే రెండు నిమిషాలు ఆగి మళ్ళీ చూడండి, టెన్షన్ పడొద్దు.

ప్రశ్న 1. ఒక నాకౌట్ టోర్నీలో 73 మంది ఆటగాళ్ళు ఉన్నారు. ఓడినవాళ్ళు వెంటనే ఇంటికి వెళ్తారు. ఏ రౌండ్‌లోనైనా ఆటగాళ్ళ సంఖ్య బేసి అయితే ఒకరికి బై ఇస్తారు, అంటే ఆడకుండానే తర్వాతి రౌండ్‌కు పంపుతారు. విజేత తేలేలోగా మొత్తం ఎన్ని మ్యాచ్‌లు జరగాలి?

చాలామంది రౌండ్ల వారీగా దిగుతారు. 73 మందిలో 36 మ్యాచ్‌లు, ఒక బై, 37 మంది మిగులుతారు. తర్వాత 18, 9, 5, 2, 1, 1 మ్యాచ్‌లు. కూడితే 72. తప్పేమీ లేదు, కానీ ఎక్కడో ఒక బై మర్చిపోతే లెక్కంతా పోతుంది.

గెలిచినవాళ్ళను వదిలేసి ఓడినవాళ్ళను చూడండి. ఒక్కో మ్యాచ్ సరిగ్గా ఒక్కరినే బయటికి పంపుతుంది. 73 మందిలో ఒక్కరే మిగలాలంటే 72 మంది బయటికి పోవాలి. కాబట్టి 72 మ్యాచ్‌లు. బైలు ఎవరికిచ్చినా, ఎప్పుడిచ్చినా ఈ సంఖ్య మారదు. ఉదాహరణకు మొదటి రౌండ్‌లోనే 55 మందికి బై ఇచ్చామనుకోండి. మిగిలిన 18 మంది 9 మ్యాచ్‌లు ఆడతారు, రెండో రౌండ్‌కు 64 మంది ఉంటారు, అక్కణ్ణుంచి 63 మ్యాచ్‌లు. 9 + 63 = 72. ఈ తర్కం నాకు ఎన్నిసార్లు చెప్పినా కొత్తగానే అనిపిస్తుంది.

వింబుల్డన్ సింగిల్స్ ప్రధాన డ్రాలో 128 మంది ఉంటారు. మ్యాచ్‌లు ఎన్నో ఇప్పుడు పెన్ను లేకుండానే చెప్పగలరు: 127.

ప్రశ్న 2. 10 జట్ల లీగ్‌లో ప్రతి జట్టూ మిగతా అన్ని జట్లతో ఒక్కోసారి ఆడుతుంది. తర్వాత రెండు సెమీఫైనల్స్, ఒక ఫైనల్. మొత్తం మ్యాచ్‌లు ఎన్ని?

ఒక్కో జట్టు 9 మ్యాచ్‌లు ఆడుతుంది. 10 × 9 = 90. ఇక్కడే ఆగిపోయారు చాలామంది. భారత్–ఆస్ట్రేలియా మ్యాచ్‌ను భారత్ ఖాతాలో ఒకసారి, ఆస్ట్రేలియా ఖాతాలో మరోసారి లెక్కపెట్టాం కదా? ఒక్కో మ్యాచ్ రెండుసార్లు వచ్చింది. అందుకే 2తో భాగించాలి: 45. దీన్నే n(n − 1)/2 అని రాస్తాం. నాకౌట్ మ్యాచ్‌లు 3 కలిపితే 48. 2019, 2023 పురుషుల క్రికెట్ వన్డే ప్రపంచకప్‌లు సరిగ్గా ఈ పద్ధతిలోనే జరిగాయి.

మరి ప్రతి జంటా సొంత మైదానంలో ఒకసారి, ఎదుటివాళ్ళ మైదానంలో ఒకసారి ఆడితే? అప్పుడు భాగించనక్కర్లేదు, n(n − 1) సరిపోతుంది. ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో 20 జట్లు, 20 × 19 = 380 మ్యాచ్‌లు. ప్రశ్నలో ‘ఒక్కోసారి’ అని ఉందా, ‘రెండేసి సార్లు’ అని ఉందా అన్నది కింద గీత గీసి మరీ చదవండి.

ప్రశ్న 3. 32 జట్లను 4 జట్ల చొప్పున 8 గ్రూపులు చేశారు. గ్రూపులో అందరూ అందరితో ఒకసారి ఆడతారు. ఒక్కో గ్రూపు నుంచి ఇద్దరు నాకౌట్‌కు వెళ్తారు. మూడో స్థానం కోసం కూడా ఒక మ్యాచ్ ఉంది. మొత్తం?

ఒక్కో గ్రూపులో 4 × 3 / 2 = 6, ఎనిమిది గ్రూపులకు 48. నాకౌట్‌లో 16 జట్లు, 15 మ్యాచ్‌లు. మూడో స్థానం మ్యాచ్ ఎవరినీ టోర్నీ నుంచి తప్పించేది కాదు, సెమీస్‌లో ఓడిన ఇద్దరి మధ్య జరిగేది. అందుకే దాన్ని విడిగా కలపాలి. 48 + 15 + 1 = 64. 2022 ఫుట్‌బాల్ ప్రపంచకప్ లెక్క ఇదే.

ప్రశ్న 4. ఒక చెస్ టోర్నీలో అందరూ అందరితో ఒక్కో గేమ్ ఆడాలి. మధ్యలో ఇద్దరు ఆటగాళ్ళు తలా 4 గేమ్‌లు ఆడి తప్పుకున్నారు. మిగతావాళ్ళు తమలో తాము అన్నీ ఆడేశారు. జరిగిన గేమ్‌లు మొత్తం 74. మొదట ఎంతమంది ఉన్నారు?

తప్పుకోనివాళ్ళు k మంది అనుకుందాం. వాళ్ళ మధ్య k(k − 1)/2 గేమ్‌లు. తప్పుకున్న ఇద్దరూ 4 + 4 = 8 ఆడారు. 74 − 8 = 66, అంటే k(k − 1) = 132 = 12 × 11. మొదట ఉన్నవాళ్ళు 14 మంది.

ఇక్కడ ఒక అనుమానం రావాలి. వచ్చినవాళ్ళు బాగా ఆలోచిస్తున్నట్టే. ఆ ఇద్దరూ తమలో తాము ఒక గేమ్ ఆడి ఉంటే? అప్పుడు ఆ గేమ్ రెండుసార్లు లెక్కకొచ్చింది కాబట్టి 8 కాదు, 7. మిగిలేది 67, k(k − 1) = 134. 134ను పక్కపక్క సంఖ్యల లబ్ధంగా రాయలేం. కాబట్టి ఆ ఇద్దరూ తలపడనేలేదు.

ప్రశ్న 5. ఒక సమావేశంలో ప్రతి ఒక్కరూ మిగతా అందరితో ఒకసారి చేయి కలపాలి. ఒకరు కొంతమందితో మాత్రమే చేయి కలిపి ముందే వెళ్ళిపోయారు. మిగతావాళ్ళు అందరితో కలిపారు. మొత్తం షేక్‌హ్యాండ్‌లు 59. ఆ వ్యక్తి ఎందరితో కలిపారు?

షేక్‌హ్యాండ్ అంటే ఒక జంట, లీగ్ మ్యాచ్ లాగానే. 11 మంది ఉంటే 55, 12 మంది ఉంటే 66. మిగిలినవాళ్ళు 11 మంది, ఆ వ్యక్తివి 4. పదిమందే మిగిలి ఉంటే 45 అవుతాయి, వెళ్ళిపోయినవారు 14 మందితో కలపాలి, అక్కడ అంతమంది లేరు.

ప్రశ్న 6. 9 మంది ఉన్న గదిలో ప్రతి ఒక్కరూ సరిగ్గా 5 మందితో చేయి కలపడం సాధ్యమా?

కాదు. 9 × 5 = 45ను 2తో భాగిస్తే 22½. సగం షేక్‌హ్యాండ్ ఉండదు.

ప్రశ్న 7. ఒక దంపతులు మరో మూడు జంటలను పిలిచారు. ఎవరూ తమ జీవిత భాగస్వామితో చేయి కలపలేదు, ఒకరితో రెండుసార్లు కలపలేదు. చివర్లో ఇంటాయన మిగతా ఏడుగురినీ ‘మీరు ఎందరితో కలిపారు?’ అని అడిగితే ఏడు వేర్వేరు జవాబులు వచ్చాయి. ఇంటావిడ ఎందరితో కలిపారు?

సమాచారం చాలదనిపిస్తుంది, కానీ చాలు. ఎవరైనా అత్యధికంగా కలపగలిగేది 6 మందితో. ఏడు జవాబులూ వేర్వేరు కాబట్టి అవి 0, 1, 2, 3, 4, 5, 6. ఆరుగురితో కలిపిన వ్యక్తి తన భాగస్వామిని తప్ప అందరినీ పలకరించారు. అంటే ఆ భాగస్వామి తప్ప ఎవరికీ సున్నా ఉండదు. 6, 0 ఒక జంట. వాళ్ళిద్దరినీ పక్కన పెట్టండి, మిగతా అందరి లెక్కలో తలా ఒకటి తగ్గుతుంది. ఇప్పుడు 5 చెప్పినవారు 4కు, 1 చెప్పినవారు 0కు దిగారు. మళ్ళీ అదే కథ: 5, 1 జంట. ఆ తర్వాత 4, 2 జంట. 3 ఒక్కటే మిగిలింది, అది ఇంటావిడది. ఆమె ముగ్గురితో కలిపారు. ఇంటాయన కూడా ముగ్గురితోనే.

సొంతంగా చేయండి

(అ) 100 మంది నాకౌట్‌లో మ్యాచ్‌లు ఎన్ని, కనీసం ఎన్ని రౌండ్లు?
(ఆ) షేక్‌హ్యాండ్‌లు 190 అయితే మనుషులు ఎందరు?
(ఇ) 5 జట్ల చొప్పున 6 గ్రూపులు, గ్రూపులో అందరూ అందరితో ఒకసారి ఆడతారు. ఒక్కో గ్రూపు నుంచి ఇద్దరు నాకౌట్‌కు. మొత్తం మ్యాచ్‌లు?
(ఈ) క్రికెట్ మ్యాచ్ అయ్యాక రెండు జట్ల 11 మందీ ఎదుటి జట్టువాళ్ళతో, 22 మందీ ఇద్దరు అంపైర్లతో చేయి కలిపారు. మొత్తం?

జవాబులు: (అ) 99, 7 (ఆ) 20 (ఇ) 71 (ఈ) 165