తప్పొప్పులు

ఉత్తరం వచ్చిందని సుధ చెబితే పెన్షన్ కాగితమేమో అనుకుంది శారదమ్మ. ఈ మధ్య పోస్టులో ఆవిడ పేరు మీద వచ్చేవి అవే.

"కాదమ్మా, చేత్తో రాసిన అడ్రసు. ఎవరో వణుకుతూ రాసినట్టున్నారు" అంది సుధ, కవరు అటూ ఇటూ తిప్పి చూస్తూ.

వణుకు నిజమే. కానీ తలకట్లు అక్షరాలకి తగలకుండా పైన విడిగా ఎగురుతున్నాయి. అలా రాసేవాణ్ణి శారదమ్మ తన జన్మలో ఒక్కణ్ణే చూసింది. కవరు తీసుకుని పేపరు కింద పెట్టేసింది.

"పాత స్టూడెంట్ అయ్యుంటాడులే."

డెబ్బై అయిదేళ్ల వయసులో కూతురికి అబద్ధం చెప్పాల్సి వచ్చిందేమిటా అని తర్వాత తనకే నవ్వొచ్చింది. సుధ ఆఫీసుకి వెళ్లి, గేటు పడిన చప్పుడు వినిపించాక గానీ కవరు చింపలేదు.

"శారదకి,

నువ్వు అనాలో మీరు అనాలో అరగంట ఆలోచించాను. ఇంత వయసొచ్చాక మొహమాటం దేనికని నువ్వు అనే రాస్తున్నాను. నేను రాఘవని. అడ్రసు మీ తమ్ముడిచ్చాడు. మీ ఆయన పోయారని కూడా తనే చెప్పాడు. చాలా బాధేసింది.

విషయమేమిటంటే, నాకు మతిమరుపు మొదలైంది. వయసుతో వచ్చేది కాదు, అల్జీమర్స్ అన్నారు డాక్టరు. పొద్దున ఎవరు ఫోన్ చేశారో మధ్యాహ్నానికి గుర్తుండదు. పాతవి మాత్రం బాగానే ఉన్నాయి. ఉన్నాయనుకుంటున్నాను, అదే నా టెన్షన్. వాటిలో ఏది జరిగిందో, ఏది నేను కల్పించుకున్నానో తెలియడం లేదు. నా పెళ్లి తర్వాతి రోజులకి పిల్లలున్నారు, ఫొటోలున్నాయి. ఆ ఒక్క ఏడాదికి మాత్రం నువ్వు తప్ప సాక్షి లేరు. గుర్తున్నవి నంబర్లు వేసి రాస్తున్నాను, తప్పులుంటే దిద్దు. లెక్కల టీచరువి అయ్యావట కదా, జాలిపడి మార్కులు వెయ్యవని నమ్మకం."

శారదమ్మ సొరుగు లాగి ఎర్ర పెన్సిలు వెతికింది. రిటైరై పదిహేడేళ్లయినా అది అక్కడే ఉంది. బ్లేడుతో ముల్లు చెక్కింది. కళ్లజోడు తుడిచి పెట్టుకుంది.

ఒకటి. లైబ్రరీలో నా సైకిలు తాళంచెవి పోతే నువ్వు వెతికిపెట్టావు. పరిచయం అలా మొదలైంది.

సగం మార్కు. తనేమీ వెతకలేదు. గంటసేపు దాని మీదే కూర్చుంది. లేచాక కుర్చీలో కనిపిస్తే, సిగ్గుపడి బీరువా వెనక దొరికిందని చెప్పింది.

రెండు. 1969 జూలైలో మనుషులు చంద్రుడి మీద దిగిన రోజు మీ పక్కింట్లో అందరం రేడియో చుట్టూ చేరాం. నువ్వు రేడియో వైపు చూడలేదు.

దీనికి టిక్కు పెట్టడానికి కొంచెం టైం పట్టింది. అయినా పెట్టింది.

మూడు. నీకు పాడటం రాదు. అయినా పాడేదానివి.

ఒప్పు. పెన్సిలు గట్టిగా నొక్కేసరికి ముల్లు విరిగింది.

నాలుగోది చదివాక మళ్లీ చెక్కుకోలేదు.

నాలుగు. నాకు ఉద్యోగం వచ్చి వెళ్లిపోతున్నప్పుడు, స్టేషనుకి వస్తే సరేనని, రాకపోతే వద్దని అర్థం చేసుకుంటానన్నాను. తెల్లవారకముందే బండి. వాన. నువ్వు రాలేదనుకున్నాను. బండి కదిలాక చూస్తే ప్లాట్‌ఫామ్ చివర ఎర్ర గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నావు. తర్వాత నా ఉత్తరానికి నువ్వు జవాబు రాయలేదు. ఇంట్లో వాళ్లు అడ్డుపడి ఉంటారనుకున్నాను. కానీ వచ్చావు కదా. అది చాలా ఏళ్లు నాకు సరిపోయింది.

శారదమ్మ కాగితం మడిచి ఒళ్లో పెట్టుకుంది. ఎదురుగా ఆయన ఖాళీ కుర్చీ. పోయి మూడేళ్లయినా దాన్ని అక్కణ్ణుంచి జరపనివ్వలేదు. రాఘవని తలుచుకుంటూ ఆవిడ జీవితమంతా కుమిలిపోయిందనుకుంటే పొరపాటు. ఆయనతో నలభై తొమ్మిదేళ్లు బాగానే బతికింది. పోట్లాడుకున్నారు, నవ్వుకున్నారు. ఆయన గురక లేక ఇప్పటికీ నిద్ర సరిగ్గా పట్టదు. వానాకాలంలో ఎక్కడైనా రైలు కూత వినిపిస్తే మాత్రం చేస్తున్న పని ఒక్క క్షణం ఆపేది. అంతే.

తను స్టేషనుకి వెళ్లలేదు. ఎర్ర గొడుగు ఆవిడకి ఎప్పుడూ లేదు.

ఆ రాత్రి సుధ పడుకున్నాక టేబుల్ దగ్గర కూర్చుంది. "అవును, వచ్చాను" అని రాస్తే ఏం పోతుంది? ఎవరికి నష్టం? ఆ వాక్యం రాసి చూసింది కూడా. పరీక్షలో పిల్లాడికి తనే జవాబు చెప్పేసినట్టనిపించింది. దిద్దమని అడిగాడు. ఉన్న ఒక్క సాక్షీ అబద్ధం చెబితే ఇక వాడెక్కడికి పోతాడు?

కాగితం చింపి మళ్లీ మొదలుపెట్టింది. "నేను రాలేదు రాఘవా. ఆ రాత్రి నాన్న గేటుకి తాళం వేసి"

పెన్ను ఆగిపోయింది.

ఆ గేటుకి తాళమెక్కడిది? తుప్పు పట్టిన గొళ్లెం ఒక్కటే ఉండేది. మొదట ఒక స్నేహితురాలితో ఆ మాట అంది. తర్వాత పెళ్లయిన కొత్తలో ఆయన అడిగితే ఆయనకీ అదే చెప్పింది. చెప్పగా చెప్పగా తాళం ఇత్తడిదైంది, తాళంచెవి నాన్న దిండు కిందికి చేరింది. యాభై ఏళ్లుగా ఆ తాళాన్ని కళ్లారా చూసినట్టే ఉంది. జబ్బేమో రాఘవకట!

నాన్న ఆ రాత్రి గాఢంగా నిద్రపోయారు. ఇంట్లో అసలెవరికీ ఏమీ తెలియదు. తలుపు తీసింది తనే, గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చిందీ తనే.

మూడో కాగితం తీసింది. ఈసారి నెమ్మదిగా రాసింది.

"నాలుగోది తప్పు. నేను రాలేదు. గొడుగు పట్టుకున్న ఆమె ఎవరో నాకు తెలియదు, వేరే ఎవరి కోసమో వచ్చి ఉంటుంది. నన్ను ఎవరూ ఆపలేదు. భయమేసింది. నువ్వంటే కాదు, తెలియని ఊళ్లో మొదటి రోజు పొద్దున ఎలా ఉంటుందో అని. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నాకు నేను కూడా చెప్పుకోలేదు.

జరిగింది ఇది. గేటు దగ్గర్నుంచి వెనక్కొచ్చి మేడెక్కాను. తడుస్తూ నిలబడ్డాను. స్టేషను కనపడదు గానీ, మలుపు దగ్గర పట్టాలు కనిపిస్తాయి. నీ బండి వెళ్తుంటే పెట్టెలు లెక్కపెట్టాలనుకున్నాను, చీకట్లో కుదరలేదు. చివరి పెట్టె వెనక ఎర్ర దీపం మాత్రం చాలాసేపు కనిపించింది. అది కనుమరుగయ్యాక కూడా కాసేపు అక్కడే ఉన్నాను. వారం రోజులు జ్వరం.

నీ ఉత్తరం అందింది. ఏం రాయాలో తెలియక రాయలేదు.

ఒకటోదానికి సగం మార్కు. తాళంచెవి మీద కూర్చున్నది నేనే. రెండు, మూడు ఒప్పు. మొత్తం నాలుక్కి రెండున్నర. పాసయ్యావు."

పొద్దున్నే కవరులో పెట్టి అంటించింది. అడ్రసు రాసింది. చెప్పులేసుకుని గేటు దాకా వెళ్లి, గొళ్లెం మీద చెయ్యి వేసి ఆగింది. అయితే ఈసారి భయపడి కాదు. వెనక్కొచ్చి, అంటించిన కవరు చింపి, కాగితం అడుగున ఇంకో వాక్యం చేర్చింది.

"ఇదంతా మర్చిపోతే మళ్లీ అడుగు, మళ్లీ రాస్తాను."

"సుధా, నీ దగ్గర ఇంకో కవరుందా?"

"ఉంది. ఇంతకీ ఎవరమ్మా ఆ స్టూడెంటు?"

శారదమ్మ చెప్పులు విప్పి, ఆయన కుర్చీలో కూర్చుంది.

"స్టూడెంటు కాదు. ఆఫీసుకి ఇంకా టైముందిగా, ఇలా కూర్చో."