కొసల వయసు

నేను తెచ్చుకున్న దువ్వెన చూసి అమ్మమ్మ నవ్వింది. "ఇది మీ తాతయ్య మీసాలకు పనికొచ్చేది" అని దాన్ని గూట్లో పడేసి, తన చెక్క దువ్వెన తీసింది. నూనె పీల్చి పీల్చి నల్లబడిన దువ్వెన. పళ్లు ఎడంగా ఉన్నాయి, రెండు విరిగిపోయాయి కూడా.

జనవరిలో నాకు టైఫాయిడ్ వచ్చింది. మార్చిలో ఇంటర్ పరీక్షలు రాశాను. ఇక గండం గడిచిందనుకున్నాక, ఏప్రిల్‌లో జుట్టు రాలడం మొదలైంది. దిండు మీద, గచ్చు మీద, ఆఖరికి పెరుగన్నంలో. అమ్మ మూడు రకాల నూనెలు కొని, మూడూ పనిచేయక, విశాఖలో నన్ను రైలెక్కించి సోంపేటలో దిగమంది. అక్కడి నుంచి అమ్మమ్మ వాళ్ల ఊరు కవిటి దగ్గరే.

"టైఫాయిడ్ ఎప్పుడో తగ్గిపోయింది కదా, ఇప్పుడెందుకు రాలుతోంది?" అని అడిగాను.

అమ్మమ్మ తోటవైపు చూసింది. "2018లో తిత్లీ తుఫాను వచ్చింది చూడు, పడిపోయిన చెట్లు ఆ రాత్రే పడిపోయాయి. నిలబడ్డవి మాత్రం ఆ తర్వాత ఎన్ని నెలలు పిందెలు రాల్చాయో! చెట్టు అంత ఆలస్యంగా ఏడుస్తుంది. నీ తల కూడా అంతే. జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకు రాలుస్తుంది, తర్వాత అదే తెప్పరిల్లుతుంది."

అలా అని ఊరుకోలేదు. నా కింది కనురెప్పను వేలితో లాగి చూసి, "లోపల సున్నం కొట్టినట్టుందేమిటి?" అంది. నెలసరి ఎన్ని రోజులు అవుతోందో అడిగింది. నేను సిగ్గుపడుతుంటే, "నాకు చెప్పకపోతే పోనీలే, డాక్టరుకు చెప్పు" అని మర్నాడే రక్తపరీక్షకు తీసుకెళ్లింది. హిమోగ్లోబిన్ 9.2. ఐరన్ మాత్రలు రాసిచ్చిన డాక్టరమ్మ, వాటితో పాటు టీ తాగొద్దంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో పొద్దుటి టీ గంట వెనక్కి జరిగింది, నాకు మాత్రమే కాదు, అందరికీ. తాతయ్య ఆ గంటంతా వీధి అరుగు మీద మౌనవ్రతం పట్టినట్టు కూర్చునేవాడు. చోడి అంబలి, తోటకూర పప్పు, నువ్వుల చిమ్మిలి ఎలాగూ తప్పలేదు.

జుట్టు పాఠం నాలుగో రోజు మొదలైంది. అమ్మమ్మ అరుగు పై మెట్టు మీద, నేను కింది మెట్టు మీద. నేను అలవాటుగా నడినెత్తి నుంచి దువ్వెన దించబోతే చేయి పట్టుకుంది.

"కొస నుంచి."

జడ విప్పి, జానతో కొలిచింది. మూడున్నర జానలు. "జుట్టు నెలకు అరంగుళం పెరుగుతుంది. జానకు ఏడాదిన్నర. అంటే ఈ కొసలు నువ్వు ఆరో తరగతిలో ఉండగా మొలిచినవి. ఐదేళ్లుగా ఎండ, ఉప్పుగాలి, రబ్బరుబ్యాండు, దువ్వెన అన్నీ తిన్నాయి. ముసలివాళ్లతో ఎలా మాట్లాడాలో వీటితోనూ అలాగే ఉండాలి."

చిక్కుకు కొంచెం పైన జుట్టును పిడికిట్లో బిగించి పట్టుకుంది, లాగితే ఆ నొప్పి కుదుళ్లకు చేరకుండా. కింద నాలుగు వేళ్ల మేర దువ్వింది. అది నున్నగా జారాక మరో నాలుగు వేళ్లు పైకి. దువ్వెన మాడు దాకా చేరేసరికి అరగంట పట్టింది. ఒడిలో రాలిన వెంట్రుకలను లెక్కపెట్టబోతే, "రోజుకు యాభై, వంద రాలడం మామూలే. అవి లెక్కపెడుతూ కూర్చుంటే బెంగతో ఇంకో పది రాలతాయి" అని వాటిని ఉండ చుట్టి గోడకున్న సంచిలో వేసింది.

నూనె గిన్నెను ఎండలో పెట్టి కాచింది. మా తోట కొబ్బరే, గానుగ ఆడించినది.

"ఇది రాస్తే పొడుగ్గా పెరుగుతుందా?"

"పీచుతాడుకు నూనె రాస్తే తాడు పొడుగవుతుందా? తెగకుండా ఉంటుంది, అంతే."

ఒక దగ్గర మాత్రం మా ఇద్దరికీ కుదరలేదు. రాత్రంతా నూనె ఉంచాలని ఆవిడ. చుండ్రు ఉన్న తలకు రాత్రంతా నూనె పెడితే చుండ్రు ముదురుతుందని డాక్టరమ్మ చెప్పిందని నేను. అమ్మమ్మ ముఖం ముడుచుకుంది. ఆ మధ్యాహ్నమంతా మాట్లాడలేదు. సాయంత్రం తనే వచ్చి, "మాడు వదిలేసి, మెడ కింది నుంచి రాస్తాను. గంట ఉంచి తలంటుకో. సరేనా?" అంది. డాక్టరమ్మ ఇచ్చిన కీటోకొనజోల్ షాంపూ ఐదు నిమిషాలు ఉంచి కడగాలంటే, గడియారం పట్టుకుని నూతి దగ్గర నిలబడింది కూడా.

చుండ్రు తగ్గాక కుంకుడుకాయ. గింజలు తీసి రాత్రి నానబెట్టిన రసం. తల వెనక్కి వాల్చి, కళ్లలో పడకుండా నా నుదుటికి తన అరచెయ్యి అడ్డం పెట్టింది. నురగ మాడుకు మాత్రమే పట్టించింది. జారేటప్పుడు కొసలను అదే కడుగుతుందట. తర్వాత తువ్వాలుతో టపటపా కొడుతుందనుకున్నాను, అమ్మకు అలాగే చేసేదని విన్నాను. కొట్టలేదు. పాత నేత చీర ముక్కతో ఒత్తి వదిలేసింది. "తడి వెంట్రుక సాగుతుంది, సాగి తెగుతుంది. మీ అమ్మ జుట్టు నా వల్లే సగం తెగింది" అంది. సాంబ్రాణి మాత్రం మానలేదు. జుట్టుకు దానివల్ల ఏం లాభమని అడిగితే, "వాసన" అంది.

దీపం పెట్టాక దువ్వుకోకూడదనే నియమమూ ఉంది. "వెనకటికి గుడ్డిదీపాల్లో రాలిన వెంట్రుక కూటిలో పడేది. కరెంటు వచ్చినా నేను మార్చలేదు. ఆ వేళకు నా చేతులు అరిగిపోయి ఉంటాయి."

పక్కూరిలో పెళ్లి ఉందని ఒకరోజు జడ వేయించుకుంటూ, "బిగించి వెయ్యి అమ్మమ్మా, రాత్రి దాకా వదులు కాకూడదు" అన్నాను.

వేళ్లు ఆగాయి. కాసేపటికి, "ఇటు తిరుగు" అంది. తిరిగాను. ఆవిడ ముడి పిన్ను తీసి, కణత మీద ఎప్పుడూ కప్పుకునే పాయను పైకెత్తింది. కింద రెండు వేళ్ల వెడల్పున అరచేయిలా నున్నటి చర్మం. రెండో కణత మీదా అంతే. పదిహేడేళ్లుగా ఆవిడ ఒళ్లో పెరిగిన నేను అది ఎప్పుడూ చూడలేదు.

"నీ వయసులో సవరం పెట్టి బిగించి వేసేవారు. వదులు జడైతే మర్యాద కాదనేవారు. కళ్లు పైకి లాగేవి, తలనొప్పి. అలవాటవుతుందిలే అన్నారు. నొప్పికి నేను అలవాటు పడ్డాను. జుట్టు పడలేదు."

పాయ కిందికి దించి పిన్ను పెట్టుకుంది. నా జడ వదులుగా వేసి, చెంపల దగ్గర వేలు దూర్చి చూసి, కనకాంబరాల దండ తురిమింది. పెళ్లిలో రెండుసార్లు ఊడింది. రెండుసార్లూ నేనే అల్లుకున్నాను.

జూన్ మొదటి వారానికి నుదుటి అంచున పొట్టి వెంట్రుకలు, గడ్డి మొలిచినట్టు నిక్కబొడుచుకుని నిలబడ్డాయి. అమ్మమ్మ వాటిని వేలితో నిమిరి ఏమీ అనలేదు. ఊరికి వెళ్లే ముందు, శుక్రవారం కాకుండా చూసుకుని, చీలిన కొసలు రెండంగుళాలు కత్తిరించింది. కత్తిరిస్తే పెరుగుతుందని కాదట, చీలిక పైకి పాకకుండానట.

అప్పుడే వీధిలో వెంట్రుకలకు గిన్నెలిచ్చే అబ్బాయి కేక వినిపించింది. గోడ మీది సంచి తీసి, పైన నా ఆరో తరగతి కొసలు కూడా వేసి ఇచ్చాను. అతను ఉండలన్నీ తూకం వేసి, కొసలను మాత్రం ఏరి నా చేతిలో పెట్టాడు.

"ఇంత పొట్టివి ఎవరు కొంటారమ్మా?"

"ఇటివ్వు" అంది అమ్మమ్మ వెనక నుంచి. వాటిని పట్టుకెళ్లి గుమ్మడిపాదు మొదట్లో వేసి మట్టి కప్పింది.